జూన్ ముప్పై దాకా రాయపూర్

రైల్వే గూడ్స్ ఆఫీసులో రాజీనామా కాగితం ఇచ్చేనాటికి నా చేతిలో ఇరవై నెలలు ఉన్నాయని గట్టిగా నమ్మాను. డబ్బుని రూపాయల్లో కాక నెలల్లో చూడటం అప్పటికి నాకు కొత్త. కొత్తగా నేర్చుకున్నవాడికి పొగరు ఎక్కువ కదా, కనిపించినవాడికల్లా చెప్పేవాణ్ణి: "ఇరవై నెలలు ఉంది నాకు. ఇరవై నెలల్లో ఉద్యోగం దొరకనివాడు మనిషే కాదు."

తొంభైల చివర అది. నాకు ముప్పై మూడు నిండాయి. పార్వతీపురం నుంచి ఇరవై ఒకటో ఏట వచ్చి రాయపూర్ గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పన్నెండేళ్ళు వ్యాగన్ల నంబర్లు రాశాను. బొగ్గు, బియ్యం, సిమెంటు, ఇనుము. ఏ వ్యాగన్ ఎప్పుడొచ్చింది, ఎన్ని గంటల్లో దించారు, ఆలస్యానికి వ్యాపారి ఎంత జరిమానా కట్టాలి. ఈ పనిలో తప్పేమీ లేదు. నాకే అందులో కూర్చోబుద్ధి కాలేదు. తెలీబంధా చెరువు దగ్గర ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ళు ఫాక్స్‌ప్రో అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను. మొదటిసారి నేను రాసిన ప్రోగ్రాం నలభై బిల్లుల్ని తేదీల వారీగా పేర్చి చూపించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇక వ్యాగన్ నంబర్లు చేత్తో రాయలేననిపించింది.

ఉద్యోగంలో ఉంటూనే వెతుక్కోవచ్చు కదా అని అందరూ అన్నారు. ఏడాది అదీ చేశాను. వారానికో డ్యూటీ మారే ఉద్యోగం. ఎవరైనా రమ్మన్న రోజున నాకు సెలవు దొరికేది కాదు, సెలవు దొరికిన రోజున వాళ్ళు ఊళ్ళో ఉండేవారు కాదు. ఓరిమి నాకు పుట్టుకతోనే తక్కువ. డిసెంబరు ఆఖరు రోజున పని ఒప్పజెప్పి బయటికొచ్చేశాను.

మా ఆవిడ నా మేనత్త కూతురు. పుట్టింది, పెరిగింది రాయపూర్ రైల్వే కాలనీలోనే. వాళ్ళ నాన్న, అంటే మా మావయ్య, ఇక్కడే పని చేసి ఇక్కడే రిటైరయ్యారు. నేను రాజీనామా చేశానని తెలిశాక ఆయన నాతో నెల రోజులు మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం ఒక్క మాటే అడిగింది.

"ఎన్నాళ్ళకి సరిపోద్ది బావా?"

నేను గర్వంగా కాగితం చూపించాను. పీఎఫ్ నలభై తొమ్మిది వేలు, మిగిలిన సెలవులకి వచ్చేది ఎనిమిది వేలు, పోస్టాఫీసులో తొమ్మిది వేలు. రాజీనామా కాబట్టి పెన్షనూ గ్రాట్యుటీ మాట లేదు; అవి నేనూ రాయలేదు, అంత అమాయకుణ్ణి కాను. మొత్తం అరవై ఆరు వేలు. నెల ఖర్చు ఆమె సరుకుల పుస్తకంలోంచే తీశాను: సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాసు, మా అమ్మాయి స్కూలు, స్కూటరు పెట్రోలు, సబ్బులూ చిల్లరా, పండగలూ. మూడు వేల మూడొందలు. భాగిస్తే సరిగ్గా ఇరవై.

ఆమె చాలాసేపు చూసింది. తప్పు ఆమెకీ దొరకలేదు. దొరకదు కూడా. మేమిద్దరం ఒకే రైల్వే నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం.

జనవరి మొదటి వారంలో ఆ కాగితం పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయనది కాకినాడ. నాందగావ్ బట్టల మిల్లులో లెక్కలు రాసేవారట. అది మూతపడ్డాక రెండేళ్ళు ఖాళీగా తిరిగి, తర్వాత వేరే ఊళ్ళో కొన్నాళ్ళు పని చేసి, రాయపూర్ వచ్చి టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి, టైపు మిషన్ల మధ్యనే నాలుగు కంప్యూటర్లు చేర్చారు. అరవై దాటిన మనిషి. మెచ్చుకుంటారని వెళ్ళాను.

ఆయన కాగితం చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "నీ జీతం కాగితం ఉందా అబ్బాయ్?" అన్నారు.

"జీతం ఆగిపోయింది కదండీ, దాంతో పనేముంది?"

"పాతదే పట్రా. నవంబరుదైనా పర్లేదు."

ఇంటికెళ్ళి తెచ్చాను. వస్తూ మా ఆవిడని కూడా స్కూటరెక్కించుకుని వచ్చాను, ఆయన నన్ను పొగుడుతుంటే ఆమె వినాలని. ఆయన ఆ కాగితంలో చేతికొచ్చిన జీతం వైపు చూడలేదు. కోతల వరసలో వేలు పెట్టారు.

"క్వార్టరు అద్దె, కరెంటు, నీళ్ళు, ఇన్సూరెన్సు. ఇవన్నీ జీతంలోనే కోసేసేవాళ్ళు. అవునా?"

"అవునండి."

"మరి నీ ఖర్చుల్లో ఏవీ?"

ఖర్చుల కాగితం తిప్పి చూశాను. మా తాత రైల్వే, మా నాన్న రైల్వే, మావయ్య రైల్వే. అద్దె అనేది మా ఇళ్ళల్లో ఎవరూ జేబులోంచి తీసి ఇచ్చింది కాదు. క్వార్టరు నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలని నాకు తెలుసు. సామాను మోసే బళ్ళకి ఎంతవుతుందో కూడా కనుక్కున్నాను. వెళ్ళిన చోట నెలనెలా అద్దె అడుగుతారన్న ఊహ మాత్రం రాలేదు. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, అప్పుడు మాత్రం చెవులు కాలిపోయాయి.

ఆయన ఆగలేదు. "జ్వరమొస్తే ఎక్కడికెళ్తారమ్మా?" అని మా ఆవిడని అడిగారు.

"రైల్వే ఆస్పత్రికండి. మందులు కూడా అక్కడే..." అంటూనే ఆమె నాలిక కరుచుకుంది.

"ఊరికెళ్ళాలంటే?"

"పాసు మీద," అంది మెల్లగా. తర్వాత నా వైపు తిరిగింది. "అయ్య బాబోయ్, బావా, నేను పుట్టి బుద్దెరిగి రైలు టికెట్టు కొన్నేదు."

మాస్టారు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, ఆమె మీదా కాదు. పన్నెండేళ్ళు ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి, నా లెక్కలోనే పప్పులో కాలేసిన నా మీద.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని కొత్త కాగితం రాశాం. అద్దె తొమ్మిది వందలు, కరెంటూ నీళ్ళూ రెండు వందలు, మందులు నూటయాభై, ఇన్సూరెన్సు మూడు వందలు, ఏడాదికి రెండుసార్లు ఊరు వెళ్ళొచ్చే చార్జీలని నెలలకి పంచితే నూటయాభై. పదిహేడు వందలు పెరిగి నెల ఖర్చు ఐదు వేలయింది. పైన ఉన్న మొత్తంలోంచి ఇంటి అడ్వాన్సు మూడు వేలు తీసేశారు. ఆస్పత్రికని ఎనిమిది వేలు పక్కన పెట్టమన్నారు, దాన్ని ముట్టుకోకూడదు. ఇంకో ఐదు వేలు, ఉద్యోగం వేరే ఊళ్ళో వస్తే కదలడానికి. మిగిలింది యాభై వేలు.

"పది నెలలు," అన్నారు మాస్టారు. "ఈ జనవరి నుంచి అక్టోబరు ఆఖరు దాకా. అదీ పీఎఫ్ చేతికొచ్చాక మాట."

ఇరవై కాస్తా ఒక్క పూటలో పదయ్యింది. నేను లేచి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలెట్టాను. ఆయన కూర్చోమన్నారు.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నువ్వు ఏ పని వెతుకుతావు?"

"ప్రోగ్రాం రాసే పని. రాయపూర్లో."

"మంచిదే. దొరక్కపోతే?"

"దొరుకుతుందండీ."

"దొరికితే నాకూ సంతోషమే. దొరక్కపోతే ఎప్పుడు వల పెద్దది చేస్తావని అడుగుతున్నాను. వేరే ఊళ్ళు, వేరే రకం పనులు."

అక్టోబరులో చూసుకుందాం అన్నాను. ఆయన బల్ల మీద చేత్తో కొట్టారు. మిల్లు మూతపడినప్పుడు తను అదే చేశారట. డబ్బు అయిపోయాక బయటి ఊళ్ళకి రాయడం మొదలెట్టారు. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికో నెల, ఇంటర్వ్యూకి పిలిచి తేల్చడానికో నెల, చేరమని కబురొచ్చి చేరడానికో నెల, చేరినా మొదటి జీతం నెలాఖరుకే కాబట్టి ఇంకో నెల. ఆ నాలుగు నెలలూ వాళ్ళావిడ పుస్తెలు తాకట్టులో ఉన్నాయని మామూలు గొంతుతోనే చెప్పారు.

"కాబట్టి ఆఖరు నుంచి వెనక్కి లెక్కపెట్టు. అక్టోబరు, సెప్టెంబరు, ఆగస్టు, జూలై. జూన్ ముప్పైకి నీకు నచ్చిన పని దొరికిందా సరే. లేదా, ఆ రోజే ఉత్తరాలు పోస్టులో పడాలి. ఆ రోజు నీ దగ్గర ఏదో ఒక మంచి కారణం ఉంటుంది, రేపటికి వాయిదా వెయ్యడానికి. అందరికీ ఉంటుంది."

కాగితం అడుగున ఆ తేదీ రాసింది మా ఆవిడే. ఆమె దస్తూరి నిలువుగా, హిందీ అక్షరాల్లాగా ఉంటుంది. రాసి, కింద గీత గీసింది. ఆమె ఇంట్లో పిల్లలకి చెప్పే ట్యూషన్ల డబ్బు సంగతి కూడా ఎత్తాను నేను. వేసవిలో ఆగిపోయే రాబడిని లెక్కలో రాయొద్దని మాస్టారు కొట్టేశారు.

తెలీబంధా చెరువు వెనక సందులో రెండు గదులు తీసుకున్నాం. పీఎఫ్ ఫిబ్రవరిలో వచ్చింది. ప్రతి ఒకటో తారీఖునా మా ఆవిడ కేలండరు మీద ఇంకా ఎన్ని నెలలు ఉన్నాయో వేసేది. తొమ్మిది. ఎనిమిది. ఏమీ అనేది కాదు, అంకె వేసి పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ అంకె చూస్తే నాకు మండుకొచ్చేది. ఏప్రిల్లో ఓ రోజు అరిచాను కూడా.

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా? గోడ మీద రాసి చూపించాలా?"

"నీకు సూపించడానికి కాదు, నాకు తెలియాలని రాసుకుంటన్నాను. నీకు కష్టంగా ఉంటే అటు సూడకు."

చూడకుండా ఎలా ఉంటాను? పొద్దున లేస్తే ఎదురుగా అదే.

ఇంట్లో కూర్చోలేక స్కూటరు వేసుకుని తిరిగేవాణ్ణి. కాలు కాలిన పిల్లిలా అంటారే, అది నేనే. టాటీబంధ్‌లో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, స్టేషన్ రోడ్డులో ఇనుము వ్యాపారులు, ఉర్లా వైపు రోలింగ్ మిల్లులు. ప్రతిచోటా కంప్యూటరు ఉండేది. అద్దాల గదిలో, ఏసీ చలిలో, గుడ్డ కప్పి, దానికి బొట్టు పెట్టి. కానీ దాన్ని వాడే మనిషి మాత్రం ఎప్పుడూ యజమాని మేనల్లుడో, తోడల్లుడి కొడుకో. "మేరా భాంజా సీఖ్ రహా హై," అనేవారు. వాడు నేర్చుకుంటున్నాడు, ఇంకెవరూ అక్కర్లేదు. ఒక బియ్యం మిల్లు వాళ్ళు మూడు వారాలు నా చేత ప్రోగ్రాం రాయించుకుని, టీలు తాగించి, చివర్లో బాగుంది అని వెనక్కి ఇచ్చేశారు. ఆ రోజు మిల్లు గేటు బయట స్కూటరు స్టాండుని కాలితో తన్నాను. స్కూటరు పడింది, అద్దం పగిలింది, ఆ అద్దానికి అరవై రూపాయలు. మా ఆవిడ దాన్ని కూడా పుస్తకంలో రాసింది, "కోపం" అని.

మే నెలలో ఓ ఇనుప రేకుల వ్యాపారి దొరికాడు. పెద్ద గోడౌను, ఆరుగురు గుమాస్తాలు, మేనల్లుళ్ళు ఎవరూ లేరు. సరుకు లెక్క కంప్యూటరులో పెట్టాలని ఉందన్నాడు. నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి, "దేఖేంగే, బారిష్ కే బాద్," అన్నాడు. చూద్దాం, వానలు తగ్గాక. అంతే అతనన్నది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ముఖం ఎత్తి చూసింది. ఆ రోజు జూన్ ఒకటో తారీఖు. కేలండరు మీద ఐదు అంకె వేసి ఉంది. నేనేం చెప్పానంటే, "జూలై పదిహేనుకి చేరమంటాడు. దాదాపు ఖాయం."

ఎందుకలా అన్నానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ఐదు నెలలుగా ఆమె ముందు ఓడిపోతూ ఉన్నాను. ఒక్క సాయంత్రం గెలిచినవాడిలా అన్నం తినాలనిపించింది. ఆమె ఆ రోజు వంకాయ కూర చేసింది, నాకు రెండోసారి వడ్డించింది. అబద్ధం అంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

జూన్‌లో మాస్టారు గుర్తు చేస్తే కవర్లు సిద్ధం చేశాను. పద్నాలుగు. స్టేషన్ బుక్‌స్టాల్‌కి ఓ రోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపర్లలోంచీ, ఇంగ్లీషు పేపర్లలోంచీ చిరునామాలు తీశాను. నాగపూర్, భిలాయ్, విశాఖపట్నం, హైదరాబాదు. దరఖాస్తులో గూడ్స్ ఆఫీసు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశాను. మాస్టారు చదివి చించేశారు.

"పన్నెండేళ్ళు ఎక్కడున్నావని అడిగితే ఏం చెప్తావు, జైల్లో అనా? ఊళ్ళు ఒక్కటే పెంచితే చాలదబ్బాయ్, పని కూడా పెంచు. వ్యాగన్ల పని తెలుసు, కంప్యూటరు కూడా తెలుసు అని రాయి."

ఏ పని నుంచి పారిపోయి వచ్చానో దాన్నే ముందు వరసలో రాయాలంటే మనసొప్పలేదు. తిట్టుకుంటూ రాశాను. పద్నాలుగు సార్లు. స్టాంపులు అంటించి సంచిలో పెట్టాను. పోస్టు చెయ్యాల్సిన అవసరం రాకూడదని కోరుకున్నాను.

జూన్ ముప్పై పొద్దున వాన. మా అమ్మాయి కొత్త క్లాసు మొదలవ్వబోతోంది, వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ఉంది. నేను సంచి తీసి గుమ్మం దగ్గర పెట్టాను, కానీ చెప్పులేసుకోలేదు. మా ఆవిడ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఓ స్టీలు డబ్బా తీసి, మూత తెరిచి నా ముందు పెట్టింది. మడిచిన యాభైలూ వందలూ.

"నాలుగు వేల ఎనిమిదొందలు. రెండేళ్ళ ట్యూషన్ డబ్బులు. నీకు తెలీకుండా దాచేను."

నేను ఓ నోటు మడత విప్పాను.

"ఇంకో నెల వస్తాది కదా? నవంబరు దాకా. అప్పుడు తేదీ జూలై ఆఖరికి జరుగుద్ది. హిసాబ్ సరిగ్గానే ఉంది, నేను రెండుసార్లు సూసేను. జూలై పదిహేనుకి ఆ రేకులాయన నిన్ను తీసుకుంటాడు. మరింక ఈ ఉత్తరాలేటికి? నిన్న ఇంకో ముగ్గురు పిల్లలు ట్యూషన్‌కి చేరేరు, మొత్తం పదకొండు." డబ్బా నా వైపు జరిపింది. "బావా, నేను ఇక్కడే పుట్టేను. మా అమ్మ ఇక్కడ. బజారుకెల్తే నన్ను పేరెట్టి పిలుస్తారు. నాకు రాయపూర్ వొదిలి ఎల్లాలని లేదు. ఇన్నాళ్ళూ అన్లేదు. ఇవాళ అంటన్నాను."

గోడ మీద అంకెలు వేసిన మనిషి, తేదీ కింద గీత గీసిన మనిషి ఈమేనా అనిపించింది. నిజం చెప్పాలంటే నా గుండె ఎగిరి గంతేసింది. ఆరు నెలలుగా నేను కోరుకున్నదే ఆమె నోటితో వచ్చింది. లెక్క కూడా తప్పు కాదు. ఐదు వేలకి రెండొందలు తక్కువ, అంతే. జూలై ఆఖరున పోస్టు చేసినా నాలుగు నెలలుంటాయి. మాస్టారు కూడా కాదనలేరు.

సంచి పక్కకి జరిపాను. ఆమె డబ్బా మూత పెట్టి, నోట్లు లెక్కలో కలపడానికి పుస్తకం తెచ్చుకుంది. రాస్తూ, "జూలై పదిహేను బుధవారం," అంది. "ఆ రోజు కొత్త చొక్కా ఏసుకెల్లు."

ఆ వారం పేరు వినగానే గోడ మీది కేలండరు వైపు చూశాను. ఆమె కేలండరులో చూసి పెట్టుకుంది. నేను కూర్చున్నపాటున పుట్టించిన తేదీకి ఆమె వారం వెతికి పెట్టుకుంది, దాని మీద తన రెండేళ్ళ డబ్బు పెడుతోంది.

"ఆగు," అన్నాను.

"ఏటి?"

"అతను జూలై పదిహేను అనలేదు."

పెన్సిలు ఆగింది.

"దేఖేంగే అన్నాడు. వానలయ్యాక చూద్దాం అన్నాడు. చేరమనలేదు. జీతం మాట కూడా రాలేదు. నేనే కల్పించాను."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి, అది మాకు అలవాటే. ఆమె పుస్తకం మూసేసింది. డబ్బా తీసుకెళ్ళి మళ్ళీ బియ్యంలో పాతింది. బియ్యం మీద అరచేత్తో చదును చేస్తూ, నా వైపు తిరక్కుండా అడిగింది.

"నెల రోజులు నా చేతి కూడు తింటా అబద్దం మోసేవా?"

"మోశాను."

"అయితే ఎల్లి పోస్టు చెయ్. ఇప్పుడే ఎల్లు. నా మొఖం సూడకు."

గొడుగు కూడా తీసుకోలేదు. కవర్లు తడవకుండా సంచి చొక్కా లోపల పెట్టుకుని స్టేషన్లో ఆర్.ఎమ్.ఎస్. పోస్టాఫీసు దాకా వెళ్ళాను. ఒక్కొక్కటే డబ్బాలో వేశాను. నా బతుకులో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజూ లేదు.

ఆమె పది రోజులు నాతో అవసరమైనంతే మాట్లాడింది. జూలై పదిహేను బుధవారం వచ్చి వెళ్ళిపోయింది. నేను ఆ రోజు రేకుల గోడౌనుకి వెళ్ళాను, ఆశ చావక. "దేఖేంగే," అన్నాడతను.

పద్నాలుగింటికి నాలుగు జవాబులొచ్చాయి. భిలాయ్ వాళ్ళూ, హైదరాబాదు వాళ్ళూ వద్దన్నారు. ఆగస్టులో నాగపూర్ వెళ్ళాను. అక్కడ నాకన్నా పదేళ్ళ చిన్నవాళ్ళు వరండా నిండా ఉన్నారు, నాకన్నా వేగంగా టైపు చేశారు. విశాఖపట్నంలో ఓడలకి సరుకు చేరవేసే ఓ ఏజెంటు ఆఫీసు. ఆయన ఫాక్స్‌ప్రో గురించి రెండు ప్రశ్నలడిగాడు. వ్యాగన్ల గురించి గంటసేపు అడిగాడు. ఏ స్టేషన్లో ఎందుకాగుతాయి, జరిమానా పడకుండా కాగితాలు ఎప్పుడు పెట్టాలి, గుమాస్తాలు ఎక్కడ తప్పు రాస్తారు. అవన్నీ కంప్యూటరులోకి ఎక్కించగలవా అన్నాడు. ఎక్కించగలనన్నాను. ప్రోగ్రాములు రాసే పనే, వ్యాగన్ల మీద. జీతం ఐదు వేల రెండొందలు. సెప్టెంబరు పదిహేనున చేరమని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం మా ఆవిడకిచ్చాను. చదివింది. తారీఖు చూసింది. లేచి గోడ మీది కేలండరు దగ్గరికెళ్ళి సెప్టెంబరు పదిహేను ఏ వారమో చూసింది, నా ముందే. నేను తల దించుకున్నాను.

నేను ముందు వెళ్ళి ఇల్లు చూసుకుని, దసరా సెలవుల్లో వాళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చాను. నేను వచ్చేసరికి ట్యూషన్ పిల్లలకి ఆమె ఆఖరి క్లాసు చెప్తోంది. పదకొండు మంది. ఒకమ్మాయి తల్లి గుమ్మంలో నిలబడి ఛత్తీస్‌గఢీలో ఏదో అంటోంది, మా ఆవిడ అదే భాషలో నవ్వుతూ జవాబు చెప్తోంది. ఆ భాషలో ఆమె అంత గలగలా మాట్లాడుతుందని, పదేళ్ళు కాపురం చేసి, నేనెప్పుడూ గమనించలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక చాప చుడుతూ ఆమె అంది:

"ఆ రోజు నువ్వు నోరు మూసుకుని ఉంటే, ఇవాళ నేను ఇక్కడే ఉందును."

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"తెలుసులే. నవంబరు దాకా." చాప గోడకి ఆనించింది. "తర్వాత మా అమ్మ గాజులు అడగాల్సొచ్చీది. అంతా తెలుసు. అయినా కోపం పోలేదు బావా. పోతాదని కూడా సెప్పలేను."

"పోనీ, చెప్పకుండా ఉండాల్సిందా?"

ఆమె నా వైపు తిరిగి చూసింది. మూడు నెలల్లో మొదటిసారి పూర్తిగా నా ముఖం చూసింది.

"సెప్పకుండా ఉంటే నీతో వైజాగ్ కాదు, ఈ సందు సివరిదాకా కూడా వచ్చీదాన్ని కాదు," అంది. "ఆ మూల బియ్యం డబ్బా ఎత్తు. బియ్యంలో ఉన్నది తీసేను, బరువుండదు."